మెడలో బెల్టు, ముందు పౌచ్, నేల మీద నాలుగు పాదాలు

సందేహాలు – సమాధానాలు

పెంపుడు జంతువుల సరుకులకు ఫొటోలు తీయడం గురించి ఈమధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. జూబ్లీహిల్స్‌లో ఇంటి దగ్గరే బెల్టులు కుట్టించి అమ్మేవాళ్ల దగ్గర్నుంచి, సినిమా పనుల మధ్య ఖాళీలో ఇలాంటి పని ఒప్పుకుంటున్న కృష్ణానగర్ స్టిల్ ఫొటోగ్రాఫర్ల దాకా రాశారు. అడిగిందే మళ్లీ అడిగినవి పక్కన పెట్టి, మిగతావాటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

*సార్, నేను ఇంట్లోనే కుక్కల బెల్టులు తయారు చేయించి అమ్ముతున్నాను. మా లాబ్రడారే మోడల్. ఫోన్‌తో ఎన్నిసార్లు తీసినా ముక్కు బూరెలా ఉబ్బిపోతోంది, తల వెనక బెల్టు దారంలా కనిపిస్తోంది. పైనుంచి తీస్తే పాదాలు పిల్లి పాదాల్లా చిన్నవైపోతున్నాయి. ఇంకా ఖరీదైన ఫోన్ కొనాలంటారా?*
– ఒక పాఠకురాలు, జూబ్లీహిల్స్

కొనకండమ్మా. మీ ఫోన్‌లో లోపం లేదు, మీరు కుక్కకు మరీ దగ్గరగా వెళ్తున్నారు, అంతే.

లెక్క వేసి చూద్దాం. పెద్ద లాబ్రడార్‌కి ముక్కు కొస నుంచి చెవి మొదలు దాకా సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. మీరు ఫోన్‌ని ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టారనుకోండి. కెమెరాకి ముక్కు 30లో, చెవి 50లో ఉన్నాయి. దగ్గరున్నది ఎంత దగ్గరైతే అంత పెద్దగా పడుతుంది కాబట్టి, చెవితో పోలిస్తే ముక్కు ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లకు పైగా లావుగా వస్తుంది. బెల్టు చెవికన్నా వెనక ఉంటుంది కనుక ఇంకా సన్నబడుతుంది. అదే 2 మీటర్ల వెనక్కి జరిగితే ముక్కు 200లో, చెవి 220లో ఉంటాయి. తేడా పదో వంతే. అప్పుడు మీ కుక్క మీకు రోజూ కనిపించే ముఖంతోనే ఫొటోలో కనిపిస్తుంది.

వెనక్కి జరిగితే కుక్క చిన్నగా పడుతుంది కదా అంటారు. ఫోన్‌లో 2 ఎక్స్ గానీ 3 ఎక్స్ గానీ లెన్స్ ఉంటే అది వాడండి. మామూలుగా తెరుచుకునే మెయిన్ కెమెరా వెడల్పు లెన్స్, దానికి అలవాటుపడే మనం ముందుకు ముందుకు వెళ్లిపోతాం. జూమ్ లెన్స్ లేని ఫోనైతే 2 మీటర్ల నుంచే తీసి, తర్వాత చుట్టూ కత్తిరించుకోండి. ఆన్‌లైన్ అమ్మకానికి అది చాలు.

పాదాల సంగతీ ఇదే. కూర్చున్న లాబ్రడార్ తల నేల నుంచి ముప్పావు మీటరు ఎత్తున ఉంటుంది. మీరు నిలబడి ఫోన్‌ని ఛాతీకి పైగా పట్టుకుంటే తల అర మీటరు పైచిలుకు దూరంలో, పాదాలు దానికి రెట్టింపు దూరంలో ఉంటాయి. అందుకే తల గుమ్మడికాయంత, పాదాలు ఉసిరికాయలంత. నేల మీద కూర్చోండి. ఫోన్‌ని కుక్క ఛాతీ ఎత్తుకు తీసుకురండి. బెల్టు అమ్ముతున్నారు కాబట్టి కెమెరా సరిగ్గా బెల్టుకు ఎదురుగా ఉండటం మంచిది. దానివల్ల బెల్టు వెడల్పు ఉన్నది ఉన్నట్టు కొలతలో వస్తుంది, కొనేవాళ్లకీ అదే కావాలి.

ఇంకో మాట. పోర్ట్రెయిట్ మోడ్ వాడొద్దు. వెనకవైపు మసకబార్చేది లెన్స్ కాదు, ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్. మీసాలెక్కడ, గాలి ఎక్కడ అని దానికి తెలియదు. మీసాలు సగంలో తెగిపోతాయి, చెవి అంచు కొరికేసినట్టవుతుంది, ఒక్కోసారి బెల్టు కింది అంచు కూడా కరిగిపోతుంది. ముఖం వికారంగా ఉందని నాకు పంపిన ఫొటోల్లో చాలావాటి జబ్బు ఇదే.

*నేను సినిమాల్లో స్టిల్స్ అసిస్టెంట్‌ని. ఒక బ్రాండ్‌వాళ్లకి లెదర్ కాలర్ల ఫొటోలు తీసిచ్చాను. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 85 ఎం.ఎం. లెన్స్, ఎఫ్ 1.8. కళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి, బకిల్ మీద పేరు మసకగా ఉందని మొత్తం తిప్పి పంపించేశారు. ఎపర్చర్ మూస్తే చీకటి, షట్టర్ తగ్గిస్తే కుక్క కదిలిపోతోంది. ఏం చేయాలన్నా?*
– ఒక స్టిల్స్ అసిస్టెంట్, కృష్ణానగర్

హీరోయిన్ క్లోజప్ తీసే అలవాటు ఇక్కడ నిన్ను దెబ్బతీసింది తమ్ముడూ. మనిషి ముఖంలో కన్నుకీ చెవికీ మధ్య లోతు తక్కువ. కుక్కకి ముక్కు కొస నుంచి కన్ను దాకా 10 సెంటీమీటర్లు, కన్ను నుంచి మెడ మీది కాలర్‌కి ఇంకో 10, 12. నీ లెన్స్‌కి 2 మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 6 సెంటీమీటర్లే. అంటే కన్ను వస్తే ముక్కు రాదు, కాలర్ అసలు రాదు. అదే దూరంలో ఎఫ్ 8 పెడితే లోతు 25 సెంటీమీటర్లు దాటుతుంది. అది సుమారుగా ఫోకస్ బిందువుకు ముందు సగం, వెనక సగం. కంటి మీద ఫోకస్ పెడితే వెనక 13 సెంటీమీటర్ల దాకా పనికొస్తుంది. కాలర్ అంచున పడుతుంది.

అంచున పడటం మీద ఆధారపడకు. కుక్కని తిప్పు. ఎదురుగా కూర్చోబెడితే కళ్ల వెనక కాలర్ ఉంటుంది. ముప్పావు వంతు పక్కకు తిప్పి, తల మాత్రం కెమెరా వైపు కొద్దిగా చూసేలా చేస్తే, మెడ పక్కభాగం ముందుకు వచ్చి, దగ్గరి కన్నూ, కాలర్ పక్కనున్న బకిలూ కెమెరాకి దాదాపు ఒకే దూరంలోకి వస్తాయి. కాలర్ ఫొటోగ్రఫీ అంతా ఈ ఒక్క మలుపులో ఉంది. ఇది కుదిరితే ఎఫ్ 5.6 కూడా సరిపోతుంది. బకిల్‌ని ముందుగా ఆ పక్కకి జరిపి పెట్టుకో. వేలాడే బిళ్ల బరువుకి రింగు కిందికి దిగి, బకిల్ మెడ వెనక్కి పోవడం సహజం. ప్రతి నాలుగైదు షాట్లకి ఎవరో ఒకరు వెళ్లి సర్దాలి. సినిమాలో కంటిన్యుటీ చూసేవాడి పనే ఇది.

వెలుతురు చీకటి అంటున్నావు. కూర్చున్న కుక్కకి 1/250 చాలు. తల విదిలించే అలవాటుంటే 1/500. ఐఎస్‌ఓ 1600కి వెళ్లడానికి సిగ్గుపడకు, ఇప్పటి కెమెరాల్లో ఆ గరుకు బొచ్చులో కలిసిపోతుంది, కదిలిన పాదం మాత్రం ఎక్కడా కలవదు. పెద్ద స్కిమ్మర్ ఒకటి పక్కన కట్టి దాని వెనక నుంచి లైటు కొట్టు. ఎదురువైపు తెల్ల థర్మకోల్ పెడితే నల్ల కుక్క బొచ్చులో కూడా వివరం తేలుతుంది. బకిల్ ఇత్తడిదో నికెల్‌దో అయితే అందులో ఏం కనిపిస్తోందో దగ్గరకెళ్లి చూడు. థర్మకోలే తెల్లటి మచ్చలా కనిపిస్తుంటే, దాని ముందు సన్నటి నల్లగుడ్డ పట్టీ ఒకటి వేలాడదీయి. లోహం అంచులకి నల్లగీత వచ్చి అచ్చు తేలుతుంది.

కాలర్ బిగించడం గురించి నువ్వు అడగలేదు కానీ చెప్పాలి. ఫొటోలో నీటుగా ఉంటుందని ఒక రంధ్రం ఎక్కువ బిగించేవాళ్లున్నారు. మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే కుక్క గొంతు చాచి, చెవులు వెనక్కి వేసి, ముఖమంతా లాగినట్టు పెడుతుంది. అది ఫొటోలో కాలర్ కన్నా ముందు కనిపిస్తుంది. వీలైతే కొత్త కాలర్‌ని షూటింగ్‌కి రెండ్రోజుల ముందే వేసి ఉంచమని యజమానికి చెప్పు. కొత్త లెదర్ వాసన, బరువు అప్పటికి అలవాటైపోతాయి, షూట్‌లో గోక్కోదు. సన్నటి కాలర్లకి గోల్డెన్ రిట్రీవర్ లాంటి బొచ్చుకుక్కల్ని ఒప్పుకోకు, కాలర్ మునిగిపోతుంది. మన వీధి జాతి కుక్కకి మెడ మీద బొచ్చు పొట్టిగా, రంగు చదునుగా ఉంటుంది. కాలర్‌కి అంతకన్నా మంచి మోడల్ లేదని నా అభిప్రాయం.

*మా హాల్లో పాలిష్ చేసిన గ్రానైట్ ఉంది. దాని మీద మా కుక్క నిలబడితే వేళ్లు విచ్చుకుపోయి పాదం బాతు కాలులా కనిపిస్తోంది. ఎడిటింగ్‌లో సరిచేయొచ్చా?*
– ఫిల్మ్‌నగర్ నుంచి

చేయొద్దు. నేల జారుతోంది కాబట్టి అది వేళ్లు విప్పి గోళ్లతో పట్టుకోవాలని చూస్తోంది. దాన్ని కంప్యూటర్లో లోపలికి నొక్కితే వేళ్ల మధ్య గీతలు వంకరపోయి, పాదం మెత్తటి పిండిముద్దలా తయారవుతుంది.

వెనకవైపు రబ్బరున్న దళసరి మ్యాట్ గానీ జారని కార్పెట్ గానీ వేయండి. కుక్క దాని మీద నిలబడి రెండు నిమిషాలయ్యాక పాదాలు వాటంతటవే ముడుచుకుని మామూలు ఆకారానికి వస్తాయి. ముందు రోజు గోళ్లు కత్తిరించి, అరికాలి మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు తీసేస్తే పట్టు ఇంకా బాగుంటుంది. గ్రానైట్‌కి ఇంకో గుణం ఉంది: పాదం నీడ అద్దంలోలా కింద పడుతుంది. చిన్న సైజులో చూసేవాళ్లకి అది ఇంకో నాలుగు వేళ్లలా అనిపిస్తుంది. మెరిసే నేల ఎంత అందంగా ఉన్నా పాదాల కింద మాత్రం వద్దు. తెల్లకుక్కని తెల్ల పేపరు మీద నిలబెట్టినా ఇదే తిప్పలు, పాదం ఎక్కడ ముగిసిందో తెలీదు. లేత బూడిద రంగు వేసుకోండి.

*షూటింగ్‌కి మా కుక్కని స్టూడియోకి తీసుకెళ్తే ఒక్క చోట ఉండదు. నాలుక వేలాడదీస్తుంది, కళ్లు పెద్దవి చేస్తుంది. తెలిసినాయన ఒకరు మత్తుబిళ్ల సగం వేస్తే సరి అన్నారు. వేయొచ్చా? పిల్లికి కూడా పనికొస్తుందా?*
– ఒక పాఠకుడు, యూసుఫ్‌గూడ

వేయకూడదు, కుక్కకీ వద్దు, పిల్లికీ వద్దు. డాక్టరు చెప్పని మత్తుమందు ప్రాణం మీదికి తెస్తుంది. ఫొటో కోసం ఏ పశువైద్యుడూ రాసివ్వడు. పైగా దానితో వచ్చేది ప్రశాంతత కాదు. మూడో రెప్ప సగం పైకొచ్చి, పెదవి జారి, చూపు ఎక్కడో ఉంటుంది. తిండి పౌచ్ పక్కన అలాంటి ముఖం పెడితే కొనేవాడు జబ్బు చేసిన కుక్క అనుకుంటాడు.

మీరు చెప్పిన గుర్తులు చూస్తే మీ కుక్క భయపడుతోంది. నాలుక వేలాడటం వేడి వల్ల కూడా కావచ్చు. హైదరాబాదు ఎండాకాలంలో మధ్యాహ్నం లైట్ల కింద కుక్క నోరు మూసుకుని కూర్చోవాలనుకోవడం అన్యాయం. నాలుక వేలాడేసినప్పుడు నోటి మూలలు వెనక్కి లాగి ముఖం ఆకారమే మారిపోతుంది, ఫొటోలో అది వికారంగా పడేది అందుకే. పొద్దున్నే పెట్టుకోండి, ఏసీ వేసి గది చల్లబడ్డాక లైట్లు వేయండి. దగ్గర్లో నీళ్ల గిన్నె ఉండాలి. తాగాక గడ్డం తుడవడం మర్చిపోవద్దు.

భయం పోగొట్టడానికి పని ఇంట్లో మొదలవ్వాలి. ఒక చిన్న మ్యాట్ తీసుకుని రోజూ కాసేపు దాని మీద కూర్చుంటే తినుబండారం, పడుకుంటే ఇంకోటి, దిగితే ఏమీ లేదు అన్నట్టు అలవాటు చేయండి. తిట్టక్కర్లేదు. వారం, పది రోజుల్లో మ్యాట్ పరిస్తే చాలు వచ్చి కూర్చునే స్థితికి చాలా కుక్కలు వస్తాయి. షూటింగ్ రోజు అదే మ్యాట్, ఉతక్కుండా, స్టూడియోకి తీసుకెళ్లండి. దాని వాసనే దానికి ఇల్లు. వెళ్లిన వెంటనే కెమెరా తీయకండి. తాడు వదులుగా పట్టుకుని అరగంట గదంతా వాసన చూడనివ్వండి. లైటు స్టాండ్లు, గొడుగులు అన్నీ అప్పటికే నిలబెట్టి ఉండాలి. కుక్క ఉన్న గదిలో గొడుగు టప్పున తెరిస్తే ఆ రోజు షూటింగ్ అక్కడితో సరి.

తర్వాత ఐదు నిమిషాలు తీసి, పది నిమిషాలు వదిలేయండి. కుక్కని పిలిచేది ఒక్కరే, అదీ యజమానే అవ్వాలి. మన సెట్ల మీద పదిమంది పది పేర్లతో పిలిచి, ఈలలు వేసి, చిటికెలు వేస్తారు. అది ఎవరి వైపు చూడాలో తెలియక తల తిప్పుతూనే ఉంటుంది. తినుబండారాన్ని లెన్స్ పక్కనే, కుక్క కంటి ఎత్తులో పట్టుకోవాలి. పైకెత్తితే మెడ సాగి బెల్టు గొంతులోకి దిగుతుంది. చిన్న ముక్కలుగా ఇవ్వండి, ఆ మేరకు ఆ పూట తిండి తగ్గించండి.

ఆపాల్సిన సమయం కుక్కే చెబుతుంది. ఏమీ తినకుండానే పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, తల పక్కకి తిప్పుకుని కంటి కొసతో చూస్తూ తెల్లగుడ్డు నెలవంకలా కనిపించడం, తోక కాళ్ల మధ్యకి పోవడం. వీటిలో ఏది కనిపించినా ఆ షాట్ అమ్మకానికి పనికిరాదు, కాబట్టి ఆపడంలో మీకు నష్టం ఏమీ లేదు. ప్రశాంతంగా ఉన్న కుక్కకి నోరు మూసి ఉంటుంది లేదా వదులుగా కొంచెం తెరిచి ఉంటుంది, నుదురు ముడతపడదు, ఒక తుంటి మీద ఒరిగి కూర్చుంటుంది. ఆ ఒరగడం చూశాక కెమెరా తీయండి.

మీ కుక్క ఎంతకీ కుదురుకోకపోతే దాన్ని ఇంట్లో ఉంచండి. అన్ని కుక్కలూ మోడళ్లు కానక్కర్లేదు. తెలిసినవాళ్లలో వయసు నాలుగైదేళ్లు దాటిన, పదిమంది వచ్చే ఇంట్లో పెరిగిన కుక్క ఉంటే అడగండి. జాతి కన్నా పెరిగిన తీరు ముఖ్యం. 1992లో అమల గారు, నాగార్జున గారు మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఈ జూబ్లీహిల్స్‌లోనే ఉంది. అలాంటి చోట నుంచి దత్తత తెచ్చుకుని చక్కగా పెంచుకున్న కుక్కలు ఈ చుట్టుపక్కల ఇళ్లలో కనిపిస్తుంటాయి. వాటిలో కుదురైనవి ఉంటాయి.

పిల్లి వ్యవహారం వేరు. దాన్ని స్టూడియోకి తీసుకెళ్లకండి, మీరే దాని ఇంటికి వెళ్లండి. కిటికీ పక్కన, అది రోజూ పడుకునే చోటే తీయండి. లైటు మరీ ఎక్కువైతే పిల్లి కనుపాప నిలువు గీతలా సన్నబడి ముఖం కోపంగా కనిపిస్తుంది. మసక వెలుతురులో నల్లగా గుండ్రమై బెదిరినట్టుంటుంది. పల్చటి కర్టెన్ వేసిన కిటికీ వెలుతురులో కనుపాప బాదంపప్పులా మధ్యస్థంగా నిలుస్తుంది, అదే మనకి కావాల్సింది.

*మేం పిల్లుల, కుక్కల తడి ఆహారం పౌచ్‌లు అమ్ముతాం. కుక్క పక్కన పౌచ్ పెడితే ఒక్క క్షణం ఆగదు, నోటితో లాగేస్తుంది. పౌచ్ మీద లైటు మెరుపు, ముడతలు వేరే. విడివిడిగా తీసి కలిపితే అతికించినట్టు తెలిసిపోతోంది.*
– ఒక చిన్న వ్యాపారి, షేక్‌పేట

విడివిడిగా తీయడమే సరైన దారి, కలిపే పద్ధతిలోనే తేడా ఉంది. ముందు ఒక సంగతి తేల్చుకోండి. అమెజాన్ లాంటి చోట మొదటి బొమ్మలో కుక్క అక్కర్లేదు. అక్కడ అచ్చమైన తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద సరుకు ఒక్కటే, ఫ్రేములో 85 శాతం నిండేలా ఉండాలని అడుగుతారు. కుక్క, పిల్లి రెండో బొమ్మ నుంచి వస్తాయి. కాబట్టి పౌచ్‌ని బాగా తీసుకోవడం ఎలాగూ తప్పని పని.

తడి ఆహారం పౌచ్ లోపల గ్రేవీ కిందికి దిగి, పై సగం ముడతలు పడుతుంది. ప్రింటు బాగున్న ఖాళీ పౌచ్ ఒకటి తీసుకుని, అడుగు వైపు సన్నగా కోసి, మరమరాలు గానీ దూది గానీ మూలలకి చేరేలా నింపి, వెనక నుంచి టేపు వేయండి. నిండుగా, తేలిగ్గా నిలబడుతుంది. వాసన కూడా రాదు. కుక్క దాన్ని పట్టించుకోకపోవడానికి సగం కారణం ఇదే. అసలుకన్నా ఉబ్బేలా మాత్రం నింపొద్దు, లోపల ఉన్నదానికన్నా ఎక్కువ చూపించినట్టవుతుంది. మెరుపు పోవాలంటే లైటుని చిన్నది చేయకండి, పెద్దది చేయండి. పౌచ్ కన్నా చాలా పెద్ద స్కిమ్మర్ పక్కన నిలబెడితే మచ్చలా పడే మెరుపు ఒక అంచున సాఫీగా పరుచుకుంటుంది.

ఇక కలపడం. సినిమా వీఎఫ్ఎక్స్‌లో క్లీన్ ప్లేట్ అంటారే, అది మీకూ పనికొస్తుంది. కెమెరాని ట్రైపాడ్ మీద బిగించండి, ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్‌లో పెట్టి తాళం వేసినట్టు వదిలేయండి. పౌచ్ ఉండాల్సిన చోట నేల మీద చిన్న టేపు గుర్తు పెట్టండి. మొదట కుక్కని గుర్తు పక్కన కూర్చోబెట్టి, పౌచ్ లేకుండా తీసుకోండి. సన్నటి తాడు కట్టి ఉన్నా, యజమాని చెయ్యి ఫ్రేములోకి వచ్చినా ఫర్వాలేదు. తర్వాత కుక్కని పంపేసి, లైట్లు ముట్టుకోకుండా, గుర్తు మీద పౌచ్ పెట్టి ఇంకో షాట్. ఆఖర్న అన్నీ తీసేసి ఖాళీ నేల ఒక షాట్. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి వేస్తే కత్తిరించి అతికించాల్సిన పని దాదాపు ఉండదు. పౌచ్ తన నిజమైన నీడతో సహా వచ్చి కూర్చుంటుంది, తాడూ చెయ్యీ ఖాళీ నేలతో తుడిచిపెట్టుకుపోతాయి. మీది అతికించినట్టు తెలియడానికి కారణం, పౌచ్‌ని వేరే గదిలో, వేరే ఎత్తులో తీయడం. పౌచ్ అడుగు నేలని తాకే చోట సన్నటి ముదురు నీడ లేకపోతే అది గాల్లో తేలుతుంది. కుక్క పాదం కిందా అంతే. కలిపాక మొదట అక్కడే చూడండి.

సైజు విషయంలో కూడా ఈ పద్ధతే కాపాడుతుంది. అరచేతిలో ఇమిడే పౌచ్‌ని లాబ్రడార్ తలంత చేసి పెట్టినవి చూస్తుంటాను. పిల్లిపిల్లల ఆహారం పక్కన బాగా ఎదిగిన పిల్లిని కూర్చోబెట్టినవీ చూశాను. సరుకు ఎవరికోసమో మోడల్ ఆ వయసులో ఉండాలి.

*ఇవే బెల్టులకి చిన్న వీడియో ప్రకటన తీయాలనుకుంటున్నాం. మా సొంత కుక్కే కదా, అనుమతి ఏమైనా కావాలా?*
– జూబ్లీహిల్స్ నుంచి

జంతువుతో ప్రకటన చిత్రం తీస్తుంటే సినిమాకి వర్తించే నియమాలే వర్తిస్తాయి. జంతువులపై హింస నివారణ చట్టం 1960లో వచ్చింది, దాని కింద ప్రదర్శన జంతువుల నమోదు నియమాలు 2001లో వచ్చాయి. షూటింగ్‌కి ముందే జంతు సంక్షేమ బోర్డుకి దరఖాస్తు పెట్టుకోవాలి, పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. సొంత కుక్క అన్నది మినహాయింపు కాదు. ఫిల్మ్‌నగర్‌లో ఏ ప్రొడక్షన్ మేనేజరుని అడిగినా ఈ కాగితాల వరస చెబుతారు. షూటింగ్ తేదీ వేసుకున్నాక కాకుండా, ముందే మొదలుపెట్టండి.

*ఖర్చు తగ్గుతుందని కంప్యూటర్‌తో తయారైన కుక్క బొమ్మ మీద మా కాలర్ పెట్టించాం. దూరం నుంచి బాగానే ఉంది. పోస్టరు వేశాక ఒకాయన ముందుకాలికి ఆరు వేళ్లున్నాయని పట్టేశాడు. ముందే ఎలా పట్టుకోవాలి?*
– ఒక డిజైనర్, ఫిల్మ్‌నగర్

బొమ్మని పూర్తి సైజులో తెరిచి కింది నుంచి పైకి చూడండి. మనం ముఖం నుంచి మొదలుపెడతాం, అది బాగుంటే కళ్లు అక్కడే ఆగిపోతాయి. తప్పులు కాళ్ల దగ్గర దాక్కుంటాయి.

కుక్క ముందుపాదానికి ఎదురుగా నేలని తాకేవి నాలుగు వేళ్లు. మధ్యలో రెండు కాస్త ముందుకి, పక్క రెండు కాస్త వెనక్కి ఉంటాయి, ప్రతిదానికీ ఒక్క గోరు. ఐదోది కాలి లోపలివైపు, నేలకి తగలకుండా పైన ఉంటుంది. కొన్ని కుక్కలకి దాన్ని చిన్నప్పుడే తీయించేస్తారు కాబట్టి అది లేకపోవడం తప్పు కాదు, బయటివైపు ఉంటే తప్పు. పాదం ఎత్తి అరికాలు చూపిస్తుంటే నాలుగు చిన్న మెత్తలు, వాటి వెనక ఒక పెద్ద మెత్త ఉండాలి. పిల్లికీ ముందు నాలుగు కనిపిస్తాయి, ఐదోది లోపలివైపు పైన. వెనక పాదాలకి సాధారణంగా నాలుగే. పడుకున్న భంగిమల్లో కాళ్లని కూడా లెక్కపెట్టండి, ఛాతీ కింద నుంచి మూడో ముందుకాలు పొడుచుకు రావడం అరుదేం కాదు.

తర్వాత కాలర్ దగ్గరికి రండి. మెడకి ఒక పక్క లోపలికి వెళ్లిన పట్టీ రెండో పక్క అదే ఎత్తులో, అదే వెడల్పులో బయటికి రావాలి. బకిల్ నాలుక ఏదో ఒక రంధ్రంలో దిగి ఉండాలి. రింగు మూసుకున్న వలయమేనా, బిళ్ల రింగుకే వేలాడుతోందా చూడండి. కాలర్ కింద బొచ్చు నొక్కుకుని, అంచుల దగ్గర కొంచెం పైకి లేవాలి. నొక్కు లేకపోతే కాలర్ బొమ్మ మీద గీసినట్టుంటుంది. ఆఖర్న ముఖం: రెండు కళ్లలోనూ లైటు చుక్క ఒకే వైపు ఉందా, నీడ దానికి ఎదురువైపు పడిందా, మీసాలు మూతి మీది చుక్కల నుంచే మొలిచాయా, బుగ్గ మీద ఎక్కడో మొలిచాయా. లేబుల్ అక్షరాల సంగతి చెప్పక్కర్లేదు, తెలుగులో ఉంటే మరీను, గుణింతాలు గల్లంతవుతాయి. సరుకుని మాత్రం ఎప్పుడూ అసలు ఫొటో నుంచే తెచ్చి పెట్టాలి.

ఇన్ని చూసి సరిచేసేసరికి, మ్యాట్ వేసి నిజం కుక్కని కూర్చోబెట్టే సమయమే పడుతుందని నా లెక్క. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. కాలర్ కొనేవాడు ఫొటోలో చూసేది అది ఏ మెడ మీద ఎంత వెడల్పుగా కూర్చుందో. లేని కుక్కకి మెడ కొలత లేదు. ఆ బొమ్మని నమ్మి కొన్నవాడికి సైజు కుదరకపోతే సరుకు మీకే తిరిగొస్తుంది. తప్పనిసరైతే బ్యాక్‌గ్రౌండ్‌కి మాత్రం వాడండి, తోటో సోఫానో గోడో. కుక్కా కాలరూ కలిసి తీసిన అసలు ఫొటో ఉండాలి, దాని కింద కుక్క బరువు, మెడ చుట్టుకొలత, వేసుకున్న సైజు రాయండి.

ఇప్పటికే వేసిన పోస్టరు మార్చాలంటే, ఆ ఒక్క పాదాన్ని మళ్లీ తయారు చేయించే బదులు మోకాలి పైకి కత్తిరించేయండి. కాలర్ ప్రకటనకి పాదాలు లేకపోయినా నష్టం లేదు.